ఉద్యోగ ప్రకటనలో రెండో పేరా

విశాఖపట్నంలో కిరండూల్ బండి ఎక్కితే అరకు, కొరాపుట్ దాటాక జగదల్‌పూర్ వస్తుంది. అక్కడి నుంచి ఒడిశా వైపు రోడ్డు మీద కొంతదూరం వెళ్తే నగర్‌నార్. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ అక్కడ ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం కట్టింది. 2023 ఆగస్టులో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి తొలి ఇనుము జారింది, అదే నెలలో తొలి హాట్ రోల్డ్ కాయిల్ చుట్టారు. అక్టోబరు 3న ప్రధాని ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ సరికే అది ఎన్‌ఎండీసీ స్టీల్ లిమిటెడ్ పేరుతో వేరే కంపెనీగా విడిపోయింది. తెలుగువాళ్లకు ఆ ఊరు కొత్తదేమీ కాదు. కాంట్రాక్టర్లుగా, ఫిట్టర్లుగా, ఇంజనీర్లుగా మనవాళ్లు అక్కడ ముందునుంచీ ఉన్నారు. 2024లో విశాఖ ఉక్కు ఎగ్జిక్యూటివ్‌లను డిప్యుటేషన్ మీద నగర్‌నార్‌కు పంపాలన్న నిర్ణయం ఇక్కడి పత్రికల్లో పెద్ద వార్తే అయింది.

ఇంత పెద్ద కర్మాగారం లేచిన చోట ఉద్యోగ ప్రకటనలు కూడా వరసగా వస్తుంటాయి. అందరూ వాటిని ఉద్యోగం కోసం చదువుతారు. ఇవాళ నేను మాట్లాడబోయేది వాటిని ఇంకో పనికోసం చదవడం గురించి. జగదల్‌పూర్‌లోనో, ఒడిశాలోని జైపూర్‌లోనో, గాజువాకలోనో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పదిమందికి పని నేర్పి బతుకుదామనుకునేవాళ్లు ఉంటారు. రిటైరైన ఫిట్టర్ కావచ్చు, ఐటీఐలో పాఠం చెప్పి మానేసిన మాస్టారు కావచ్చు. ఏం నేర్పితే జనం డబ్బు కట్టి వస్తారు, నేర్చుకున్నాక వాళ్లకు పని దొరుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ ప్రకటనల్లోనే ఉంటుంది. అయితే అది పైకి కనిపించే పోస్టు పేరులో ఉండదు.

ముందు ఒక తేడా చెప్తాను. కర్మాగారం కట్టేటప్పుడు వచ్చే ప్రకటనలు వేరు, నడిచేటప్పుడు వచ్చేవి వేరు. కట్టేటప్పుడు స్ట్రక్చరల్ ఫిట్టర్, వెల్డర్, గ్యాస్ కట్టర్, రిగ్గర్, షట్టరింగ్ కార్పెంటర్ అంటూ గుంపులు గుంపులుగా పిలుస్తారు. ఆ ఊపు చూసి వెల్డింగ్ స్కూలు పెట్టినవాడు, మెషిన్లు కొని షెడ్డు సర్దుకునేలోపు నిర్మాణం అయిపోతే, చుట్టూ పని లేని వెల్డర్లే మిగులుతారు. మిల్లు తిరగడం మొదలయ్యాక పిలుపు మారుతుంది. అప్పుడు కావలసింది పంపులు, ఫ్యాన్లు, గేర్‌బాక్సులు, కన్వేయర్లు, హైడ్రాలిక్ లైన్లు ఆగకుండా చూసేవాళ్లు. ఆ పని ఏటా ఉంటుంది, షట్‌డౌన్ వచ్చినప్పుడు రెట్టింపవుతుంది. కాబట్టి చేతిలో ఉన్న ప్రకటన ఏ దశకు చెందిందో ముందు తేల్చుకోవాలి. ఒక కాంట్రాక్టర్ ఆరు నెలల పనికి పిలుస్తున్నాడా, రెండేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టుకా అన్నది ప్రకటనలో ఎక్కడో ఒక మూల ఉంటుంది. లేకపోతే ఫోన్ చేసి అడిగితే చెప్తాడు.

రెండో సంగతి, ఎవరు పిలుస్తున్నారన్నది. అసలు కంపెనీ ఇచ్చే నోటిఫికేషన్లు అప్పుడప్పుడు వస్తాయి, పెద్దగా వస్తాయి. 2025లో ఎన్‌ఎండీసీ స్టీల్ నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద, 900కు పైగా పోస్టులకు ఒకేసారి దరఖాస్తులు కోరింది. అలాంటి వాటిలో చదువు, అనుభవం, వయసు, రిజర్వేషన్ అన్నీ రూలు ప్రకారం రాసి ఉంటాయి. అవి మనకు అంత పనికిరావు. ఎందుకంటే అక్కడ అడిగేది సర్టిఫికెట్టు, సర్వీసు. ఆ రెండూ మనం మన షెడ్డులో ఇవ్వలేం. మన పనికి దొరికే ముడిసరుకు కాంట్రాక్టర్లు, మ్యాన్‌పవర్ ఏజెన్సీలు ఇచ్చే చిన్న చిన్న ప్రకటనల్లో ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కనిపిస్తాయి, జగదల్‌పూర్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు అద్దానికి అంటించి ఉంటాయి. రాసేవాడికి ఆఫీసు భాష రాదు, తనకు రేపు పొద్దున షిఫ్టులో ఏ మనిషి కావాలో అదే రాస్తాడు. అందుకే అవి విలువైనవి.

అలాంటి ప్రకటన ఒకటి ఊహించుకోండి. పైన పెద్ద అక్షరాల్లో ‘మెకానికల్ ఫిట్టర్, నాలుగు పోస్టులు’ అని ఉంటుంది. కింద ‘ఐటీఐ ఫిట్టర్, రెండేళ్ల అనుభవం’. ఆ తర్వాత రెండో పేరా. ‘పంపు, బ్లోయర్, గేర్‌బాక్స్ విప్పి బిగించడం తెలిసి ఉండాలి. బేరింగ్ మార్చడం, కప్లింగ్ అలైన్‌మెంట్ డయల్‌తో చేయగలగాలి. డ్రాయింగ్ చదవడం వచ్చినవారికి ప్రాధాన్యం.’ దరఖాస్తు పెట్టేవాడు మొదటి రెండు పంక్తులు చదివి ఫోన్ చేస్తాడు. నేర్పేవాడు చదవాల్సింది రెండో పేరా. అక్కడ చేతిపని పేరు పెట్టి అడిగారంటే, ఐటీఐ సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చినవాళ్లలో ఆ పని రానివాళ్లు ఇంతకుముందు వాళ్లకు తగిలారన్నమాట. అందరికీ వచ్చిన పనిని ఎవరూ ప్రకటనలో రాయరు. ఫిట్టర్‌కు స్పానర్ పట్టడం రావాలి అని మీరు ఎక్కడైనా చదివారా?

ఇప్పుడు నోటుబుక్కు సంగతి. మూడు నెలలపాటు కంటపడ్డ ప్రతి ప్రకటనా రాసుకోవాలి. తేదీ, పిలిచినవాడి పేరు, ఏ షాపులో పని అన్నది, పోస్టు పేరు, రెండో పేరాలో ఉన్న చేతిపనులు, జీతం. సింటర్ ప్లాంటా, కోక్ ఓవెనా, హాట్ స్ట్రిప్ మిల్లా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ తర్వాత పనికొస్తుంది. అదే ప్రకటన మళ్లీ కనిపిస్తే కొత్త వరస రాయకూడదు, పాత వరస పక్కన ఆ తేదీ వేయాలి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఒక ఏజెన్సీ ఒకే కాగితాన్ని ఐదు గ్రూపుల్లో పెడితే మనకు అది ఐదు ఉద్యోగాల్లా కనిపిస్తుంది. అదే ప్రకటన నెల తర్వాత కూడా తిరుగుతోందంటే మాత్రం దాని అర్థం వేరు. మనిషి దొరకలేదు, లేదా దొరికినవాడు నిలవలేదు. ఈ రెండింటిలో ఏదో తెలుసుకోవాలి. జీతం తక్కువై వెళ్లిపోతుంటే శిక్షణ ఆ జబ్బుకు మందు కాదు.

లెక్క ఎలా తిప్పాలో చూపించడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి నిజమైన సర్వే అంకెలు కావు, అభ్యాసానికే. మూడు నెలల్లో 60 కాగితాలు పోగయ్యాయి. నకళ్లు తీసేస్తే 38 మిగిలాయి. వాటిని ఇచ్చినవాళ్లు తొమ్మిదిమంది. 6జి వెల్డర్ కావాలన్నవి 12 ఉన్నాయి, కానీ ఆ పన్నెండూ ఇద్దరు కాంట్రాక్టర్లవే. కప్లింగ్ అలైన్‌మెంట్ అన్న మాట 11 చోట్ల ఉంది, కానీ అవి ఆరుగురివి. పైగా ఆ పదకొండులో పోస్టు పేరు ఒకచోట ఫిట్టర్, ఒకచోట మిల్‌రైట్, ఇంకోచోట పంపు టెక్నీషియన్, మరోచోట రొటేటింగ్ ఎక్విప్‌మెంట్ మెకానిక్. పోస్టు పేర్లు లెక్కపెట్టినవాడికి వెల్డర్ మొదట కనిపిస్తాడు. చేతిపని లెక్కపెట్టి, దాన్ని అడిగినవాళ్ల సంఖ్యతో తూచినవాడికి అలైన్‌మెంట్ పైకి వస్తుంది. ఇద్దరు కాంట్రాక్టర్ల మీద ఆధారపడ్డ శిక్షణ, వాళ్ల పని అయిపోయిన రోజే మూతపడుతుంది. ఆరుగురు నాలుగు పేర్లతో అడిగే పని అంత తొందరగా పోదు.

వెల్డింగ్ గురించి ఇంకో మాట చెప్పి వదిలేస్తాను. 6జి అంటే వాలుగా కదలకుండా బిగించిన పైపును చుట్టూ వెల్డ్ చేసే పరీక్ష. దానికి మనిషి ఎంతో సాధన చేయాలి, ఎలక్ట్రోడ్లు, పైపు ముక్కలు, ఎక్స్‌రే పరీక్ష ఖర్చు తడిసి మోపెడవుతుంది. చిన్న పెట్టుబడికి అది బరువు. బాయిలర్ అటెండెంట్, వైర్‌మన్ లాంటివి ఇంకో రకం. ఆ సర్టిఫికెట్లు ప్రభుత్వమే ఇవ్వాలి, మనం పరీక్షకు తయారు చేయగలమంతే. ఈవోటీ క్రేన్ నేర్పాలంటే క్రేన్ కావాలి. ఇలా ఒక్కొక్కటీ తీసి చూస్తే నోటుబుక్కులో ఎక్కువసార్లు వచ్చినవాటిలో చిన్న షెడ్డుకు ఇమిడేవి కొన్నే మిగులుతాయి.

అలైన్‌మెంట్ అందులో ఇమిడే పని. ఎందుకో కాస్త దగ్గరగా చూద్దాం. మోటారు ఒకవైపు, పంపు ఒకవైపు, మధ్యలో కప్లింగ్. రెండు షాఫ్టుల కేంద్రాలు ఒకే గీత మీద లేకపోతే కప్లింగ్ రబ్బరు తెగుతుంది, బేరింగ్ వేడెక్కి కొన్నాళ్లకే పోతుంది. కొత్త బేరింగ్ వేసినా మళ్లీ పోతుంది. స్కేలు ఆనించి కంటితో చూసి సరిపెట్టడం చాలాచోట్ల అలవాటు. ఉక్కు కర్మాగారంలో వేగంగా తిరిగే యంత్రానికి అది చాలదు. డయల్ గేజి పెట్టి మిల్లీమీటరులో నూరో వంతు దాకా చూడాలి.

పంపు షాఫ్టు మీద బ్రాకెట్ బిగించి, డయల్ ముల్లును మోటారు కప్లింగ్ అంచు మీద ఆనిస్తారు. పైన సున్నా పెట్టి రెండు షాఫ్టుల్నీ కలిపి తిప్పుతూ నాలుగు చోట్ల చదువుతారు. కింద ప్లస్ 0.40 మిల్లీమీటర్లు చూపిందనుకోండి. కొత్తవాడు వెంటనే 0.40 షిమ్ మోటారు కాళ్ల కింద పెడతాడు, అంతటితో తప్పు ఇటునుంచి అటు మారుతుంది. డయల్ చూపేది అసలు తేడాకు రెట్టింపు. అంటే మోటారు 0.20 కిందికి ఉంది, షిమ్ కూడా అంతే పెట్టాలి. ఎడమన 0.15, కుడిన 0.25 వస్తే తేడా 0.10, అందులో సగం 0.05 పక్కకు జరపాలి. చదివింది నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పైనా కిందా కలిపిన మొత్తం, ఎడమా కుడీ కలిపిన మొత్తంతో సరిపోవాలి. ఇక్కడ రెండువైపులా 0.40 వచ్చింది, సరిపోయింది. సరిపోకపోతే బ్రాకెట్ వదులుగా ఉంది, లేదా ముల్లు జారింది. బ్రాకెట్ తన బరువుకు తానే కాస్త వంగుతుంది కాబట్టి ముందే ఒక గట్టి పైపు మీద పెట్టి ఆ వంగుడు ఎంతో కొలుచుకోవాలి. మోటారు నాలుగు కాళ్లూ సమంగా ఆనాయో లేదో కూడా చూడాలి. ఒక్కో బోల్టు వదులు చేసినప్పుడు ఆ కాలు 0.05 కన్నా ఎక్కువ పైకి లేస్తే ముందు దాన్ని సరిచేయాలి. లేకపోతే బోల్టు బిగించిన ప్రతిసారీ రీడింగు మారుతూ ఉంటుంది, కుర్రాడు మధ్యాహ్నం దాకా షిమ్‌లు మారుస్తూనే ఉంటాడు. ఇది సమాంతర తేడా సంగతి. కోణం తేడా ఉంటే కప్లింగ్ ముఖం మీద ఇంకో డయల్ పెట్టి చూడాలి.

చూడండి, ఇందులో లెక్క ఉంది, చేతివాటం ఉంది, తప్పు పట్టుకునే ఉపాయం ఉంది. చెప్తే అర్థమయ్యేది కొంత, చేతులతో పదేపదే చేస్తే పట్టుబడేది కొంత. పదిరోజుల సాయంత్రాల్లో నేర్పగలిగినంత చిన్నది, నేర్చుకున్నవాడు మరుసటి సోమవారం షిఫ్టులో చేసి చూపించగలిగినంత నికరమైనది. ప్రకటనలు చదివి మనం వెతకాల్సింది ఈ సైజు పనినే. ‘ఫిట్టర్ కోర్సు’ అని బోర్డు పెడితే రెండేళ్ల ఐటీఐతో పోటీ పడాలి, ఓడిపోతాం. ‘డయల్‌తో కప్లింగ్ అలైన్‌మెంట్’ అని పెడితే ఆ ఐటీఐ చదివి వచ్చినవాళ్లే మన విద్యార్థులవుతారు.

అయితే డబ్బు పెట్టే ముందు నోటుబుక్కును నమ్మడానికి ఒక పరీక్ష ఉంది. ప్రకటనలు నకలు కొట్టేవే ఎక్కువ. ఒకడు ఏదో పాత టెండరులోంచి రెండో పేరా ఎత్తి రాస్తాడు, ఇంకొకడు వాడిది చూసి రాస్తాడు. అందుకే మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్లను నలుగురిని కలవాలి. ‘మీకు అలైన్‌మెంట్ వచ్చినవాళ్లు కావాలా?’ అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. ‘కిందటిసారి ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో ఎవరిని వద్దన్నారు, ఎందుకు?’ అని అడగాలి. ‘డయల్ చేతికిస్తే సున్నా పెట్టడం రాలేదయ్యా’ అన్న జవాబు ఇద్దరి నోట వస్తే అది గట్టి సాక్ష్యం. ‘మందు తాగి వస్తారు, రాత్రి షిఫ్టుకు రారు’ అన్న జవాబే వస్తుంటే మనం నేర్పే పాఠానికి అక్కడ గిరాకీ లేదు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర టీ బడ్డీలో ఫిట్టర్లతో మాట్లాడినా ఇదే తేలుతుంది. అలైన్‌మెంట్ వచ్చినవాడికి రోజుకూలి ఎంత ఎక్కువిస్తారన్నది వాళ్లే సరిగ్గా చెప్తారు. ఏమీ ఎక్కువ ఇవ్వకపోతే కుర్రాళ్లు ఫీజు కట్టరు, అప్పుడు కాంట్రాక్టరే కట్టాలి.

టెండర్లను కూడా ఒక కన్నేసి ఉంచాలి. మెయింటెనెన్స్ పనికి కంపెనీ టెండరు పిలిచినప్పుడు ఎంతమంది, ఏ అర్హత, ఏ పనులు అన్నది ఆ కాగితాల్లోనే జాబితాగా ఉంటుంది. కాంట్రాక్టు ఖాయమయ్యాకే ఉద్యోగ ప్రకటన బయటికి వస్తుంది. టెండరు చదివినవాడికి కొన్ని నెలల ముందే సంగతి తెలుస్తుంది, బ్యాచ్ తయారు చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇక షెడ్డు. పాత మోటారు, పాత పంపు, వాటికి ఒక ఇనుప బేస్ ఫ్రేము, తుక్కు వ్యాపారి దగ్గర వెతికితే దొరుకుతాయి. పంపులో నీళ్లు పోయాల్సిన పని లేదు, షాఫ్టు తిరిగితే చాలు. ఇలాంటి సెట్లు రెండు కావాలి. వాటితోపాటు డయల్ గేజిలు, మాగ్నెటిక్ స్టాండ్లు, ఫీలర్ గేజి, మైక్రోమీటరు, రకరకాల మందాల షిమ్ రేకులు. డయల్ విషయంలో చవక సరుకు కొనకండి. ముల్లు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చూపిస్తే కుర్రాడు తన చేతిని అనుమానిస్తాడు. మొత్తానికి 70 వేలయిందని అనుకుందాం. సెట్టుకు ముగ్గురి చొప్పున బ్యాచ్‌కు ఆరుగురే. అంతకన్నా ఎక్కువైతే వెనక నిలబడినవాడు చూస్తాడే తప్ప చేయడు. ఆరుగురు మూడేసి వేలు కడితే 18 వేలు. అద్దె, కరెంటు, నేర్పేవాడి కూలి పోను ఏడెనిమిది వేలు మిగిలితే పది బ్యాచ్‌ల దగ్గర సామాను ఖర్చు తిరిగి వస్తుంది. పది బ్యాచ్‌లంటే 60 మంది. నగర్‌నార్ చుట్టుపక్కల ఆ పని అవసరమైన ఫిట్టర్లు అంతమంది ఉన్నారా? ఈ ప్రశ్న సామాను కొనకముందే వేసుకోవాలి. జైపూర్, సునాబెడ, బచేలి, కిరండూల్ దాకా కలుపుకుంటేనే సరిపోతారని లెక్క తేలితే, సెట్టును వ్యాను మీద ఎక్కించుకుని తిరిగేలా తయారు చేయించుకోవడం మేలు.

తరగతి ఏ భాషలో అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ప్రకటనలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. నగర్‌నార్ చుట్టూ పల్లెల పిల్లలు ఇంట్లో హల్బీ, భత్రీ మాట్లాడతారు. భూములిచ్చిన కుటుంబాల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. విశాఖ నుంచి వెళ్లే మన మాస్టారు మంచి ఫిట్టరే కావచ్చు, తెలుగు హిందీలో గబగబా చెప్పేస్తే ‘రెట్టింపు చూపిస్తుంది’ అన్న ఒక్క ముక్క జారిపోతుంది. అది జారితే అలైన్‌మెంటే జారినట్టు. హల్బీ వచ్చిన స్థానిక కుర్రాడిని సహాయకుడిగా పెట్టుకుని, అతనికి పని పూర్తిగా నేర్పి పక్కన నిలబెట్టుకోవడం ఖర్చు కింద రాసుకోదగ్గది కాదు. రెండో సెట్టు దగ్గర నిలబడి నేర్పేది అతనే.

సర్టిఫికెట్టు అడుగుతారు. ప్రభుత్వ గుర్తింపు ఉందని అబద్ధం చెప్పకూడదు, ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు మీద రాయకూడదు. మనం ఇవ్వగలిగింది పరీక్ష కాగితం. చెడగొట్టి పెట్టిన సెట్టును ఈ కుర్రాడు ఇంత సేపట్లో, ఇన్ని వందో వంతుల లోపలికి తెచ్చాడు అని రాసి, నాలుగు రీడింగులూ వేసి సంతకం పెట్టిన కాగితం. చివరి రోజు పరీక్షకు ఆ సూపర్‌వైజర్లలో ఒకరిని పిలిచి ఎదురుగా చేయిస్తే ఆ కాగితానికి మాట విలువ వస్తుంది. తర్వాతి బ్యాచ్‌కు మనుషుల్ని పంపేది కూడా ఆయనే.

బ్యాచ్‌లు మొదలయ్యాక నోటుబుక్కు మూసేయకూడదు. కొన్నాళ్లకు రెండో పేరాలో అలైన్‌మెంట్ మాట తగ్గితే, మనం నేర్పినవాళ్లతో ఆ ఖాళీ నిండిందని అనుకోవచ్చు. లేదా కాంట్రాక్టు చేతులు మారి ఉండొచ్చు. ఏదన్నది పాత సూపర్‌వైజర్‌కు ఒక ఫోన్ చేస్తే తెలుస్తుంది. ‘లేజర్ అలైన్‌మెంట్ తెలిసి ఉండాలి’ అన్న మాట కొత్తగా కనిపించిందనుకోండి, అది ఒక్కరి దగ్గరేనా, ముగ్గురు నలుగురి దగ్గరా అని మళ్లీ అదే తూకం వేయాలి. లేజర్ కిట్ లక్షల ఖరీదు, తొందరపడి కొనేది కాదు. డయల్ వచ్చినవాడికి లేజర్ తెర మీది అంకెలు అర్థం చేసుకోవడం రెండురోజుల పని కాబట్టి, ఆ రెండురోజులకు ఎవరి దగ్గరైనా కిట్ అద్దెకు తెచ్చి పాత విద్యార్థుల్నే పిలవచ్చు. బేరింగ్‌ను వేడిచేసి షాఫ్టు మీద ఎక్కించడం, హైడ్రాలిక్ డ్రాయింగ్ చదవడం లాంటివి పైకి వస్తుంటే, అవే సెట్లు, అదే షెడ్డు వాడుకుని తర్వాతి పదిరోజుల పాఠం రాసుకోవచ్చు.